బ్యాటరీ పంపు మీద వచ్చిన ఫిర్యాదులు: నల్లగొండ నుంచి ఒక ప్రాజెక్టు డైరీ

జూన్ 12

పత్తికి మందు కొట్టే బ్యాటరీ పంపుల మీద కొనుగోలుదారులు రాసిన చెడ్డ రివ్యూలను ఈరోజు నుంచి ఒక పద్ధతి ప్రకారం చదవడం మొదలుపెట్టాను. గడియారం సెంటర్‌కు దగ్గరలో నేను, మా బావమరిది కలిసి నడిపే రిపేరు దుకాణానికి వానకాలం మొదలవగానే ఈ పంపులు వరుసగా వస్తాయి. వీటికి సంబంధించి మేమే తయారు చేసి అమ్మగలిగిన వస్తువు ఏదైనా ఉందా అన్న ప్రశ్న రెండేళ్లుగా మా మధ్య నలుగుతోంది. ఎక్కువసేపు పనిచేసే లిథియం బ్యాటరీ ప్యాక్ తయారు చేద్దామన్నది బావమరిది ఆలోచన. నాకూ అదే సరైనదనిపించింది. అయితే సెల్స్ కొనడానికి డబ్బు పెట్టే ముందు, ఈ పంపులు కొన్నవాళ్లు దేని గురించి బాధపడుతున్నారో వాళ్ల మాటల్లోనే చూడాలని నిర్ణయించుకున్నాం.

16 లీటర్ల ట్యాంకు, 8 ఆంపియర్ అవర్ సామర్థ్యం గల 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉన్న నాలుగు మోడళ్లను తీసుకున్నాను. పేర్లు ఇక్కడ రాయను. మోడల్ 1 నుంచి 4 వరకు అని పిలుస్తాను. ఒక స్టార్, రెండు స్టార్లు, మూడు స్టార్ల రివ్యూలను మాత్రమే, కొత్తవి ముందు కనిపించే క్రమంలో పెట్టి, చేత్తోనే షీట్‌లోకి ఎక్కిస్తున్నాను. "ముఖ్యమైన రివ్యూలు" అనే క్రమంలో చదివితే ఎప్పుడో మూడేళ్ల కిందట ఎక్కువ ఓట్లు పడిన నాలుగైదు రివ్యూలే మళ్లీ మళ్లీ పైకి వచ్చి, ఆ తర్వాత కంపెనీ సరిచేసిన లోపాలు కూడా ఇప్పటి లోపాలుగా కనిపిస్తాయి. అందుకే తేదీ క్రమం తప్పనిసరి.

షీట్‌లో ఐదు గడులు పెట్టాను: మోడల్, రివ్యూ రాసిన నెల, కొన్నవారు రాసిన అసలు వాక్యం, ఫిర్యాదు ఏ భాగానికి సంబంధించింది, కొన్న ఎన్నాళ్లకు ఆ లోపం బయటపడింది. అసలు వాక్యాన్ని మార్చకుండా ఉంచడం అనవసరమైన శ్రమ అని మొదట అనుకున్నాను కానీ, దానివల్లే ఈ ప్రాజెక్టు దారి మారింది. అది తర్వాతి తేదీల్లో రాస్తాను.

జూన్ 21

మొత్తం 420 రివ్యూలు చేరాయి. వాటిలో వస్తువుతో సంబంధం లేనివి ముందుగా తీసేశాను: డబ్బా పగిలి వచ్చింది, నాజిల్ లేకుండా పంపారు, డబ్బు వాపసు రాలేదు వంటివి. ఇవి అమ్మకందారు లోపాలు. మేము వేరే పంపు తయారు చేసినా వీటిని తప్పించలేం. ఒకే వాక్యం అక్షరం తేడా లేకుండా రెండు మోడళ్ల కింద ఒకే వారంలో కనిపించినవి కూడా కొన్ని ఉన్నాయి. నిజమైన కొనుగోలుదారులు రాసినవని నమ్మకం కుదరక వాటినీ తీసేస్తే చివరికి 289 మిగిలాయి.

ఒక చిక్కు గురించి రాసి పెట్టుకోవాలి. మోడల్ 2 అమ్మే పేజీలో 8 ఆంపియర్ అవర్ పంపు, 12 ఆంపియర్ అవర్ పంపు, చేత్తో కొట్టే పంపు మూడూ ఒకే జాబితాలో రకాలుగా ఉన్నాయి. రివ్యూలు మూడింటికీ కలిపి చూపిస్తున్నారు. రివ్యూ పైన చిన్న అక్షరాల్లో ఉండే రకం పేరు చూడకపోతే, బ్యాటరీయే లేని పంపు మీద వచ్చిన ఫిర్యాదును కూడా బ్యాటరీ పంపు లెక్కలో వేసుకుంటాం. నేను మొదటి రోజు అలాగే వేశాను. ఈరోజు మోడల్ 2 వరుసలన్నీ మళ్లీ చూసి సరిచేశాను.

ఒక రివ్యూలో రెండు మూడు ఫిర్యాదులు ఉంటే వాటిని వేర్వేరు వరుసలుగా విడదీశాను. అప్పుడు ఫిర్యాదులు 352 అయ్యాయి.

జూన్ 24

లెక్క తేలింది. అన్నింటికంటే ఎక్కువగా కనిపించినది కారడం: మూత దగ్గర, ట్యాంకు అడుగున, లాన్స్ కలిసే చోట మందు కారుతోందని 104 మంది రాశారు. ఆ తర్వాత 97 ఫిర్యాదులతో బ్యాటరీ ఉంది. మిగిలినవి ఒత్తిడి తగ్గడం, ఛార్జర్, భుజం పట్టీ వగైరా.

కారడమే మొదటి స్థానంలో ఉంది కనుక దాన్నే పట్టుకుందామని బావమరిది అన్నాడు. నేను ఒప్పుకోలేదు, కారణం కూడా వివరంగా చెప్పాను. కారే పంపు గురించి రాసినవారిలో చాలామంది అదే రివ్యూలో "వాషర్ మార్చాను, టెఫ్లాన్ టేపు చుట్టాను, ఇప్పుడు ఫర్వాలేదు" అని కూడా రాశారు. పది రూపాయల వాషర్‌తో, పక్క వీధిలోనే తీరిపోయే ఇబ్బందికి కొత్త వస్తువును ఎవరూ కొనరు. బ్యాటరీ గురించి రాసినవారి సంగతి వేరు. వాళ్లు వెయ్యి రూపాయలకు అటు ఇటుగా పెట్టి కొత్త బ్యాటరీ కొన్నారు, లేదా పంపును మూలన పడేశారు. కొందరైతే రెండోసారి కూడా బ్యాటరీ మార్చారు. ఫిర్యాదు ఎంతమంది చేశారన్న దానికంటే, ఆ ఫిర్యాదు వల్ల వాళ్లు ఇప్పటికే ఎంత ఖర్చు పెట్టారు, ఆ ఖర్చుతో ఇబ్బంది తీరిందా లేదా అన్నదే చూడవలసిన విషయమని నా అభిప్రాయం.

ఇంకొక తేడా ఉంది. భుజం పట్టీ తెగడం దాదాపుగా మోడల్ 4లోనే ఉంది. అది ఆ కంపెనీ తప్పు, రేపు వాళ్లే దిద్దుకుంటారు. బ్యాటరీ ఫిర్యాదు నాలుగు మోడళ్లలోనూ ఉంది. అందరి వస్తువుల్లోనూ ఉన్న లోపాన్ని ఎవరూ పట్టించుకోలేదని అర్థం.

ఇక్కడిదాకా వచ్చేసరికి లిథియం ప్యాక్ ఆలోచన సరైనదేనని ఇద్దరికీ అనిపించింది. సెల్స్ ధరలు కూడా అడిగాం.

జూన్ 29

సెల్స్ ఆర్డరు ఆపాం. దానికి కారణం షీట్‌లోని ఐదో గడి, లోపం ఎన్నాళ్లకు బయటపడిందని రాసుకున్నది.

"బ్యాటరీ బాగోలేదు" అన్న మాట కింద 97 వాక్యాలు ఉన్నాయి కానీ, అవన్నీ ఒకే ఇబ్బంది గురించి చెప్పడం లేదు. ఎప్పుడు కొన్నారో రివ్యూ పేజీలో కనిపించదు, రివ్యూ రాసిన తేదీ మాత్రమే ఉంటుంది. అందుకని వాక్యం లోపలే "వారం రోజులకే", "ఒక సీజన్ తర్వాత", "పోయిన ఏడాది తీసుకున్నాను" వంటి ఆధారం ఉన్నవాటినే తీసుకున్నాను. అలాంటివి 71 దొరికాయి. వాటిని మూడు కుప్పలు చేశాను. వచ్చిన మొదటి రెండు వారాల్లోనే పోయినవి 14. వాడుతున్న కాలంలో బలం తగ్గినవి 19. బాగా పనిచేసి, కొన్ని నెలలు వాడకుండా ఉంచి, మళ్లీ తీసినప్పుడు పనిచేయనివి 38. ఈ మూడో కుప్పకు ఐదో గడిలో "విరామం" అని గుర్తు పెట్టి, ఈ సూత్రంతో లెక్కించాను.

```
=COUNTIFS(D:D,"బ్యాటరీ",E:E,"విరామం")
```

మూడో కుప్పలోని వాక్యాలు చదువుతుంటే ఒకే మనిషి రాసినట్టు ఉన్నాయి. "పోయిన సీజన్‌లో నాలుగు గంటలు కొట్టాను, ఈసారి పది నిమిషాలకే ఆగిపోతోంది." "ఛార్జింగ్ పెడితే వెంటనే పచ్చ లైటు వస్తోంది, పంపు వేస్తే ఆగిపోతోంది." ఈ రెండో వాక్యం ఎలక్ట్రానిక్స్ పని తెలిసినవాళ్లకు చాలా చెబుతుంది. ఖాళీ బ్యాటరీని చాలాకాలం అలాగే ఉంచితే పలకల మీద ఏర్పడిన లెడ్ సల్ఫేట్ గట్టి స్ఫటికాలుగా మారుతుంది. అప్పుడు బ్యాటరీ లోపలి నిరోధకత పెరుగుతుంది, ఛార్జర్ పెట్టగానే వోల్టేజీ పైకి ఎగబాకుతుంది, నిండిపోయిందనుకొని ఛార్జర్ పచ్చ లైటు చూపిస్తుంది. నిజానికి లోపలికి వెళ్లిన ఛార్జి ఏమీ ఉండదు.

అంటే చాలామంది రాసిన "బ్యాకప్ తక్కువ" అన్న మాట బ్యాటరీ సామర్థ్యం గురించి కాదు. జనవరిలో పత్తి పని ముగిసి జూన్‌లో వానలు పడేదాకా ఆ బ్యాటరీకి ఏం జరిగిందన్న దాని గురించి. ఇది తేలకుండా పెద్ద బ్యాటరీ చేసి ఉంటే, ఆ పెద్ద బ్యాటరీ కూడా మరుసటి జూన్‌లో ఇలాగే ఇంకో ఒక స్టార్ రివ్యూ తెచ్చుకునేది.

జూలై 2

జూన్ 29 నాటి నిర్ణయం మీద నాకే ఒక అనుమానం వచ్చింది. మూడో కుప్ప ఫిర్యాదులు ఎక్కువగా జూన్, జూలై నెలల్లో ఉన్నాయి. కానీ పంపులు ఎక్కువగా అమ్ముడయ్యేదీ ఆ రోజుల్లోనే కనుక అన్ని రకాల ఫిర్యాదులూ అప్పుడే పెరిగి ఉండవచ్చు కదా. పోల్చడానికి కారడం మీద వచ్చిన ఫిర్యాదుల నెలలు తీశాను. అవి జూలై చివర మొదలై అక్టోబరు దాకా పరుచుకుని ఉన్నాయి. కొత్త పంపు కొని కొన్నాళ్లు వాడినవారికే కారడం తెలుస్తుంది కనుక అది సహజం. విరామం తర్వాతి బ్యాటరీ ఫిర్యాదులు మాత్రం జూన్ రెండో వారం నుంచే ఉన్నాయి, జూలై దాటాక బాగా తగ్గాయి. రెండింటి ఆకారం వేరు. అనుమానం పూర్తిగా పోలేదు కానీ, ఊళ్లోకి వెళ్లి అడగడానికి ఇది చాలు.

ఊళ్లోకి వెళ్లడం ఎందుకు తప్పదో కూడా రాస్తాను. ఇంటర్నెట్‌లో పంపు కొని రివ్యూ రాసేవాళ్లలో పెరటి తోటలవాళ్లు, మామిడి తోటలున్న పట్నంవాళ్లు చాలామంది ఉన్నారు. మునుగోడు, చండూరు వైపు పత్తి రైతు తన పంపును మందుల దుకాణంలో అరువుకు కొంటాడు, ఎక్కడా రివ్యూ రాయడు. రివ్యూల నుంచి దొరికేది అడగవలసిన ప్రశ్న మాత్రమే. జవాబు పంపు ఉన్న ఇంట్లోనే దొరుకుతుంది.

జూలై 9

చండూరు పక్కన రెండు ఊళ్లలో పదకొండు ఇళ్లకు వెళ్లాను. "ఇలాంటిది చేస్తే కొంటారా?" అని ఎవరినీ అడగలేదు. మర్యాదకైనా కొంటామనే అంటారు. పోయిన చలికాలం నుంచి పంపు ఎక్కడ ఉందో చూపించమని మాత్రమే అడిగాను, అనుమతి తీసుకుని మల్టీమీటర్‌తో వోల్టేజీ చూశాను.

ఒక పెద్దాయన ఇంట్లో పంపు రేకుల కింద అటుక మీద ఉంది. "కాకా, దీన్ని ఎప్పుడు పైన పెట్టినవు?" అని అడిగాను.

"పత్తి ఏరుడు షురువైనంక పెట్టిన బిడ్డా. మల్ల వానలు పడ్డంకనే దించిన. నడుమల ఎవరు ముట్టలే."

"పెట్టేటప్పుడు ఛార్జింగ్ పెట్టి పెట్టినవా?"

"ఎందుకు పెడ్త? పనైపాయె గదా. కరెంటు దండగ."

ఆ మాటలో తప్పేమీ లేదు. నాగలి, గొర్రు, చేత్తో కొట్టే పంపు అన్నీ ఆయన అలాగే మూలన పెడతాడు, అవన్నీ మళ్లీ సీజన్‌కు అలాగే పనికి వస్తాయి. పని లేనప్పుడు కూడా పాడయ్యే పనిముట్టు ఆయన ఇంట్లో ఇదొక్కటే. పంపుతో వచ్చిన కాగితంలో నెలకొకసారి ఛార్జ్ చేయమని రాసి ఉన్నా, అది చిన్న అక్షరాల ఇంగ్లీషులో ఉంది.

పదకొండింటిలో ఈ ఏడాది కొత్త బ్యాటరీ వేసినవి నాలుగు. మిగతా ఏడింటిలో ఐదు, ఛార్జ్ చేసి ఒక రాత్రి వదిలేసిన తర్వాత కూడా 12 వోల్టులు దాటలేదు. నిండుగా ఉన్న ఆరోగ్యమైన బ్యాటరీ అలా కదలకుండా ఉంచినప్పుడు 12.8 వోల్టుల దరిదాపుల్లో ఉండాలి.

జూలై 13

ఈరోజు ప్రాజెక్టులో నాకు అన్నింటికంటే విలువైనదిగా తోచిన విషయం దొరికింది. విరామం కుప్పలోని 38లో 17 మోడల్ 3వి. మోడల్ 3 రివ్యూలు మిగతావాటికంటే ఎక్కువేమీ కావు, కాబట్టి దానికి ఏదో ప్రత్యేక కారణం ఉండాలి. మొదటి నుంచి మళ్లీ చదివాను. "ఇతరాలు" అని పక్కన పెట్టిన వాటిలో మూడు స్టార్ల రివ్యూ ఒకటి కనిపించింది. పంపు బాగుందని రాసి, చివర ఒక వాక్యం చేర్చారు: "స్విచ్ ఆపినా వోల్టేజీ చూపే అంకెలు వెలుగుతూనే ఉంటాయి, రాత్రి గదిలో కనిపిస్తాయి." ఆ కొనుగోలుదారు దాన్ని ఫిర్యాదుగా కూడా రాయలేదు. నేను వాక్యాన్ని క్లుప్తంగా మార్చి "డిస్‌ప్లే" అని మాత్రమే రాసుకుని ఉంటే ఈరోజు ఇది చేతికి దొరికేది కాదు.

దుకాణంలో రిపేరుకు వచ్చిన మోడల్ 3 ఒకటి ఉంది. విప్పి చూస్తే వోల్టుమీటరు తీగ స్విచ్‌కు తర్వాత కాకుండా, ముందే నేరుగా బ్యాటరీకి కలిపి ఉంది. మీటరును వరుసలో పెట్టి కొలిస్తే స్విచ్ ఆపి ఉన్నా 12 మిల్లీ ఆంపియర్లు లాగుతోంది. రోజుకు 24 గంటల లెక్కన అది 0.288 ఆంపియర్ అవర్. బ్యాటరీ సామర్థ్యమైన 8ని దానితో భాగిస్తే దాదాపు 28 రోజులు. అంటే నిండుగా ఛార్జ్ చేసి అటుక మీద పెట్టినా నెల తిరిగేసరికి ఆ బ్యాటరీ ఖాళీ. మిగతా నెలలన్నీ ఖాళీగానే ఉండి సల్ఫేట్ గట్టిపడుతుంది. కంపెనీ చెప్పినట్టు నెలకొకసారి ఛార్జ్ చేసే మనిషికి కూడా బ్యాటరీ ప్రతిసారీ అడుగంటిపోయే ఉంటుంది.

మిగతా మూడు మోడళ్లలో ఈ లోపం లేదు. అయినా వాటి మీదా ఫిర్యాదులు ఎందుకు ఉన్నాయంటే, లెడ్ యాసిడ్ బ్యాటరీ ఏమీ కలపకపోయినా దానంతట అది కొంత ఛార్జి కోల్పోతుంది. 25 డిగ్రీల దగ్గర అది నెలకు సుమారు 3 శాతం, వేడి 10 డిగ్రీలు పెరిగితే దాదాపు రెట్టింపు. మన దగ్గర మే నెలలో 44 డిగ్రీలు దాటే రోజులున్నాయి, రేకుల కింద అంతకంటే ఎక్కువ. అయినా నిండుగా పెడితే ఆరు నెలలకు పూర్తిగా ఖాళీ కాదు. సగానికి పైగా వాడేసి అలాగే పెట్టినదే దెబ్బతింటుంది. కాబట్టి కావలసినవి రెండే: పెట్టే ముందు నిండా ఛార్జ్ చేయడం, ఆ తర్వాత బ్యాటరీ నుంచి ఏదీ లాగకుండా చూడడం.

లిథియం ప్యాక్‌కు కూడా ఈ 12 మిల్లీ ఆంపియర్లు మంచి చేయవు. ప్యాక్ లోపలి రక్షణ బోర్డు ఖాళీ కాగానే సరఫరా ఆపేస్తుంది. కొన్ని బోర్డులు ఆ తర్వాత మామూలు ఛార్జర్‌తో మేలుకోవు కూడా. "ప్యాక్ చచ్చిపోయింది" అని మళ్లీ మా దగ్గరికే తెచ్చేవాళ్లు.

జూలై 20

తయారు చేయవలసినది ఏమిటో ఇప్పుడు స్పష్టంగా ఉంది, అది మేము మొదట అనుకున్నదానికంటే చాలా చిన్నది. బ్యాటరీ ప్లస్ తీగ మధ్యలో, పంపు వెలుపలి నుంచి చేతికి అందేలా, లాగితే ఊడివచ్చే తాళంచెవి లాంటి ఒక ప్లగ్. అది ఊడితే మోటారు, డిస్‌ప్లే ఏదీ బ్యాటరీకి కలిసి ఉండదు. ఛార్జింగ్ సాకెట్ మాత్రం ప్లగ్‌కు ముందు, నేరుగా బ్యాటరీకే ఉంటుంది కనుక ప్లగ్ తీసిన తర్వాత కూడా ఛార్జ్ చేయవచ్చు. ప్లగ్‌కు కట్టిన పెద్ద అట్ట మీద తెలుగులో: "పత్తి పని అయిపోయిందా? ఒక రాత్రి ఛార్జ్ పెట్టి, ఈ తాళం తీసి ఇంట్లో పెట్టుకోండి." తయారీ ఖర్చు అరవై రూపాయల లోపే ఉండేలా చూస్తున్నాం.

మోటారు లాగే కరెంటు 3 ఆంపియర్ల దాకా ఉంటుంది కనుక మొదట తెచ్చిన సన్నని ప్లగ్ అరగంటకే వేడెక్కింది. మందపాటి పిన్ను ఉన్న, 10 ఆంపియర్లు తట్టుకునే రకానికి మారాం. మందు నీళ్లు పడి పిన్ను తుప్పు పట్టకుండా రబ్బరు మూత కూడా అవసరమైంది.

నిండిన తర్వాత వోల్టేజీ తగ్గించుకునే ఛార్జర్ కూడా చేద్దామా అని చాలాసేపు ఆలోచించాం. మోడల్ 3తో వచ్చిన ఛార్జర్ బ్యాటరీ నిండినా 14.6 వోల్టుల వద్దే నిలబడి ఉంది; రోజుల తరబడి కలిపి ఉంచాలంటే 13.5 నుంచి 13.8 మధ్యకు దిగాలి. వాడుతున్న కాలంలో బలం తగ్గిందన్న 19 ఫిర్యాదులకు ఇదొక కారణం కావచ్చు. కానీ అది వేరే ఇబ్బంది, దానికి వేరే రుజువు కావాలి. ఒక వస్తువుతో రెండు ప్రశ్నలకు జవాబు వెతికితే వచ్చే జూన్‌లో ఏది పనిచేసిందో మాకే తెలియదు. ప్రస్తుతానికి ఛార్జర్ జోలికి వెళ్లడం లేదు.

జూలై 27

ఎవరికి అమ్మాలన్నది కూడా రివ్యూలే చెప్పాయి. కొత్త పంపు కొనేవాళ్లకు బ్యాటరీ పోతుందన్న ఆలోచనే ఉండదు. మందుల దుకాణం నడిపే ఒక పరిచయస్తుడికి ప్లగ్ చూపిస్తే, "అన్నా, బాగున్న పంపుకు ఇది ఎవరు పెట్టించుకుంటరు?" అని అడిగాడు. ఆ ప్రశ్న న్యాయమైనదే. అయితే "రెండోసారి బ్యాటరీ కొన్నాను" అని రాసినవారి రివ్యూలు నా షీట్‌లో తొమ్మిది ఉన్నాయి, కోపం అన్నింటికంటే ఎక్కువగా కనిపించినవీ అవే. వెయ్యి రూపాయల బ్యాటరీ చేతిలో పట్టుకుని కౌంటరు ముందు నిలబడిన మనిషికి, ఇది మళ్లీ పోకుండా ఉండాలన్న ఆలోచన ఆ ఒక్క క్షణంలో బలంగా ఉంటుంది. అందుకే ప్లగ్‌ను విడిగా అమ్మకుండా, బ్యాటరీ మార్చేటప్పుడే దానితో కలిపి బిగించి ఇస్తున్నాం.

ఆగస్టు 3

ఈ వారంలో బ్యాటరీ మార్చడానికి దుకాణానికి వచ్చిన పంపుల్లో తొమ్మిదింటికి ప్లగ్ బిగించాం. ఇద్దరు వద్దన్నారు. పోల్చి చూడడానికి, ప్లగ్ లేకుండా అదే రకం కొత్త బ్యాటరీ వేసిన ఆ రెండు పంపుల వివరాలు కూడా యజమానుల అనుమతితో రాసుకున్నాను. రెండు పోలికకు చాలా తక్కువని తెలుసు. సీజన్ ముగిసేలోగా ఇంకో ఐదారు చేరాలి.

ప్రతి బ్యాటరీకి బిగించిన తేదీ, ఆరోజు వోల్టేజీ, 2.5 ఆంపియర్ల లోడు మీద 10.5 వోల్టులకు దిగడానికి పట్టిన నిమిషాలు రాసి పెట్టాం. 8 ఆంపియర్ అవర్ అన్న అంకె ఇరవై గంటలు నెమ్మదిగా వాడితే వచ్చేది కనుక, ఈ లోడు మీద కొత్త బ్యాటరీ కూడా మూడు గంటల పైన నిలబడదు. ఈ సంగతి ముందే రాసి ఉంచకపోతే వచ్చే ఏడాది మంచి బ్యాటరీని కూడా పాడైందని అనుకుంటాం.

జనవరి చివర ఒకసారి ఈ ఇళ్లకు వెళ్లి, ప్లగ్ తీశారా లేదా అని మాత్రమే చూస్తాను. నేను చెప్పి తీయించను. ప్లగ్ ఉన్నా తీయకపోతే, అట్ట మీది మాట పనిచేయలేదని అర్థం. జూన్ మొదటి వారంలో అదే 2.5 ఆంపియర్ల లోడుతో మళ్లీ కొలుస్తాను.